రెండు గంటల దాకా లేవకూడని కుర్చీ

సునీల్ ఎంటర్ నొక్కినప్పుడు టైమ్ పన్నెండూ ఇరవై. చౌటుప్పల్ అవతల హైవే పక్కనున్న మందుల ఫ్యాక్టరీలో, రెండో అంతస్తు ల్యాబ్‌లో, అద్దాల గదిలో కూర్చుని ఉన్నాడు. పన్నెండూ ఇరవై ఒకటికి తను చేసిందేమిటో అతనికి అర్థమైంది.

ఫోల్డర్‌లో ఏముందో చూద్దామని ls కొట్టాడు. కంప్యూటర్ ఒక పొడవాటి తప్పు వాక్యం చూపించింది. ఫైల్ కాపీ చేసే cp కొట్టాడు. మళ్ళీ అదే వాక్యం. చేసింది వెనక్కి తిప్పుదామని ln కొట్టాడు. అదీ పోయింది. ఆ మెషిన్‌లో ఒక్క కమాండ్ కూడా బతికి లేదు.

అతను కీబోర్డ్ మీంచి చేతులు తీసేశాడు.

ఆ ఫ్యాక్టరీలో తప్పు జరిగితే ఒక కాగితం నింపుతారు. దాన్ని డీవియేషన్ అంటారు. సునీల్ పేరు మీద ఈ ఏడాది అప్పటికే రెండు పడ్డాయి. మూడోది పడితే గేటు అవతలే ఉద్యోగం వెతుక్కోవాలని ల్యాబ్ పెద్ద రఘుపతి నలుగురిలో చెప్పి ఉన్నాడు. ఆ మాట అన్నప్పుడు రఘుపతి నవ్వాడు కూడా.

ఇదంతా మొదలైంది కూడా రఘుపతితోనే. మరుసటి రోజు పదింటికి విదేశీ ఆడిటర్లు వస్తున్నారు. ల్యాబ్‌లో ఆరు చల్లని పెట్టెలున్నాయి. మాత్రలు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటాయో తేల్చడానికి వాటిలో పెట్టి, ఆరు నెలలపాటు నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాస్తూ పోతుంది ఈ కంప్యూటర్. ఆ లెక్కలన్నీ రంగుల గ్రాఫులుగా చూపించే కొత్త ప్రోగ్రామ్ ఒకటి హైదరాబాద్ కంపెనీ నుంచి వచ్చింది. సాయంత్రంలోగా అది నడవాలని, ల్యాబ్ కంప్యూటర్లు చూసుకునే సునీల్‌తో అన్నాడు రఘుపతి. ఎట్లా నడుస్తుందని అడిగితే అది నీ పని అన్నాడు.

ప్రోగ్రామ్ నడవలేదు. GLIBC_2.28 కనిపించడం లేదని ఒకే ఒక్క వాక్యం చెప్పి పడుకుంది.

జీలిబ్‌సీ అనేది లైనక్స్ కంప్యూటర్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుకునే ఉమ్మడి సామాను. ఫైల్ తెరవాలన్నా, తెర మీద అక్షరం వెయ్యాలన్నా దాన్నే అడగాలి. ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్నది సెంటోస్ ఏడు అనే పాత లైనక్స్. దాని జీలిబ్‌సీ 2.17. పాత జీలిబ్‌సీ మీద తయారైన ప్రోగ్రాములు కొత్తదాని మీద హాయిగా నడుస్తాయి. కొత్తదాని మీద తయారైనవి పాతదాని మీద మొరాయించవచ్చు. హైదరాబాద్ వాళ్ళు తమ కొత్త మెషిన్ మీద తయారు చేసి పంపారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌నే మారుద్దామంటే కుదరదు. మందుల ఫ్యాక్టరీలో ఇట్లాంటి కంప్యూటర్‌ను ఒకసారి పరీక్షించి సంతకాలు పెట్టాక, స్క్రూ తిప్పాలన్నా అనుమతి కావాలి. సిస్టమ్ మార్చితే మూడు నెలల పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి.

సునీల్‌కు ఓపిక లేదు. కింద ఆఫీసులో తన ప్రయోగాల కంప్యూటర్‌లో 2.28 ఉంది. ఒక్క ఫైలే కదా అనుకున్నాడు. పెన్ డ్రైవ్‌లో తెచ్చాడు, lib64 ఫోల్డర్‌లో పెట్టాడు, libc.so.6 అనే లింకును, అంటే అసలు ఫైల్‌కు దారి చూపే పేరును, దానివైపు తిప్పాడు.

జీలిబ్‌సీ ఒక్క ఫైల్ కాదు. ప్రోగ్రాములను మొదలుపెట్టే లోడర్ అనే జత ఫైల్ దానికి ఉంటుంది. రెండూ ఒకే వెర్షన్‌వి కావాలి. ఇప్పుడు లోడర్ పాతది, లైబ్రరీ కొత్తది. ఒకదాని రహస్యాలు ఇంకోదానికి తెలియవు. అందుకే కొత్తగా ఏ ప్రోగ్రామ్ మొదలైనా గడప దగ్గరే కూలిపోతోంది.

ఒక అదృష్టం ఉంది. ముందే నడుస్తున్నవి చావలేదు. అవి పాత ఫైల్‌ను ఎప్పుడో పట్టుకుని ఉన్నాయి. ఉష్ణోగ్రత రాసే ప్రోగ్రామ్ నిమ్మళంగా రాస్తూనే ఉంది. సునీల్ రూట్ అనే సర్వాధికారంతో తెరిచిన, కమాండ్లు కొట్టే నల్ల విండో కూడా బతికే ఉంది.

ఒక దురదృష్టమూ ఉంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఉష్ణోగ్రత ప్రోగ్రామ్ ఆనాటి ఫైల్‌ను మూసి, దానికి ముద్ర వెయ్యడానికి ఇంకో చిన్న ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. ఇప్పుడు పిలిస్తే అది లేవదు. ముద్ర పడదు. ముద్ర లేని రోజు దొరికితే ఆరు నెలల పరీక్ష మళ్ళీ ఒకటో రోజుకు వస్తుంది, సునీల్ గేటు అవతలికి పోతాడు.

గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు ఉన్నాయి. ఆ విండో మూస్తే మళ్ళీ తెరవలేడు. లాగిన్ కూడా ఒక ప్రోగ్రామే. రీబూట్ చేస్తే మెషిన్ అసలే లేవదు. పది నిమిషాలు కీబోర్డ్ ముట్టకపోతే తెరకు తాళం పడుతుంది, ఆ తాళం తియ్యడానికీ ఒక ప్రోగ్రామే కావాలి.

అతను స్పేస్ బార్ నొక్కాడు. ఇక కుర్చీ దిగకూడదు.

ల్యాబ్‌లోకి మొబైల్ తేనివ్వరు. గోడకు ఒక ఇంటర్‌కమ్ ఉంది, అది గేటుకూ ఆఫీసుకూ మాత్రమే పోతుంది. ఆఫీసుకు చేస్తే రఘుపతి ఎత్తుతాడు. సునీల్ కుర్చీని ఒక కాలితో నెట్టుకుంటూ, కీబోర్డ్ మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో రిసీవర్ అందుకుని గేటుకు కొట్టాడు.

గేటులో జానయ్య. అరవై దాటిన మనిషి, పదేళ్ళుగా ఆ గేటు మనిషే. అందరి మొబైళ్ళూ పెట్టెలో పెట్టించేది అతనే. గేటు బయటే కాబట్టి అతని మొబైల్ అతని జేబులోనే ఉంటుంది.

సునీల్ ఒక నంబర్ చెప్పాడు. తను చదువుకునే రోజుల నుంచీ మారని నంబర్ అది. పెద్దమ్మ కూతురు నిహారికది. మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ పిల్లలకు లైనక్స్ పాఠాలు చెబుతుంది.

జానయ్య మొబైల్‌ను స్పీకర్‌లో పెట్టి ఇంటర్‌కమ్ రిసీవర్‌కు ఆనించి చూశాడు. గుయ్యిమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. దాంతో ఒక చెవికి మొబైల్, ఇంకో చెవికి రిసీవర్ పెట్టుకుని తనే మోయడం మొదలుపెట్టాడు.

సునీల్ జరిగింది చెప్పాడు. జానయ్య తనకు అర్థమైనట్టు చెప్పాడు.

“బిడ్డా, మీ అక్క నవ్వుతాంది,” అన్నాడు జానయ్య.

“నవ్వినాంక ఏమన్నదో చెప్పు కాకా.”

“గిట్ల చేసేటోళ్ళ కోసమే క్లాసుల మొదటి రోజు ఒక గంట తీస్తదట. గా గంట నువ్వు యాడున్నవని అడుగుతాంది.”

“విండో తెరిచే ఉందని చెప్పు. రెండింటి దాకనే టైమున్నదని చెప్పు.”

ఆ మాట చేరాక అవతల నవ్వు ఆగిపోయింది. నిహారిక మొదటి ఆజ్ఞ: విండో మూయవద్దు, కొత్త విండో తెరవవద్దు, మెషిన్‌ను ఆపవద్దు, మంచినీళ్ళకు కూడా లేవవద్దు. రెండో ఆజ్ఞ: బయటి కమాండ్లు మర్చిపో, నల్ల విండో లోపలే ఉండే మాటలు మాత్రం వాడు. echo అట్లాంటిది. దానికి వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు.

sbin ఫోల్డర్‌లో sl తో మొదలయ్యేవి ఏమున్నాయో echo తో అడగమంది. జానయ్య అక్షరం అక్షరం మోశాడు. స్లాష్ దగ్గర ఆగి, గీత ఎటువైపు వాలుతుందని ఇద్దరినీ అడిగాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పాకే ముందుకు కదిలాడు. నక్షత్రం గుర్తు చెప్పినప్పుడు ఎన్ని మూలలదని అడిగాడు.

సునీల్ కొట్టాడు. echo /sbin/sl* అని.

వచ్చిన జవాబు చదివి చెప్పేలోపు గేటు ముందు ట్యాంకర్ హారన్ మోగింది. ఆపకుండా మోగింది. జానయ్య ఒక్క నిమిషమని చెప్పి రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడే అద్దం తలుపు తెరుచుకుంది. మంజులత వచ్చింది.

ఆమె క్వాలిటీ విభాగం. ఫ్యాక్టరీలో ఆమెను చూస్తే రఘుపతి కూడా చొక్కా బొత్తాలు సరిచూసుకుంటాడు. ఒంటిగంటకు ఒక తనిఖీ చేస్తుంది. మనిషి లేని కుర్చీ ముందు తెరిచి ఉన్న తెర కనిపిస్తే ఆమే లాగౌట్ నొక్కుతుంది, ఆ మనిషి పేరు రాసుకుంటుంది. తిండికి వెళ్ళారా, దవాఖానకు వెళ్ళారా అని అడగదు.

సునీల్ రిసీవర్‌ను మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక కాలు గోడకు తన్నిపెట్టి, స్పేస్ బార్ మీద వేలుంచి కూర్చుని ఉన్నాడు. మంజులత ఆ భంగిమను కాసేపు చూసింది.

“అన్నానికి పోలేదా సునీల్?”

“ఆకలి లేదు మేడమ్.”

“ఫోన్ల ఎవరు?”

“గేటు. జానయ్య కాక. ట్యాంకర్ వచ్చిందని ఆగమన్నడు.”

అది నిజమే కాబట్టి తడబడకుండా చెప్పాడు. ఆమె తెర వైపు చూసింది. నల్లటి తెర మీద sln అనే పేరు, ఇంకో రెండు పేర్లు కనిపిస్తున్నాయి. ఆమెకు లైనక్స్ రాదు. కానీ మనుషులను చదవడం వచ్చు.

లాగౌట్ చేసి తిని రమ్మంది. పని మధ్యలో ఉందని సునీల్ అన్నాడు. ఎంతసేపని అడిగింది. రెండింటి దాకా అన్నాడు. కుర్చీలో మనిషి ఉన్నంతసేపు తెర ఆపమనే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. ఆ రూల్ రాసింది ఆమే.

“సరే, కూసో,” అంది. “నేను రెండింటికి వస్త.”

వెళుతూ తలుపు దగ్గర ఆగి, అతను నొక్కుతున్న స్పేస్ బార్ వైపు ఇంకోసారి చూసింది.

జానయ్య తిరిగి వచ్చేసరికి ఒంటిగంటా నలభై. ట్యాంకర్ డ్రైవర్ కాగితాలు తప్పు తెచ్చాడట. ఆ కథ మొదలుపెట్టబోతే సునీల్ ఆపాడు. నిహారిక లైన్‌లోనే ఉందా అని అడిగాడు. ఉంది. క్లాసుకు టైమైనా పోలేదు.

sln ఉందని సునీల్ చెప్పాడు. ఆ మాట చేరగానే జానయ్య గొంతు మారింది.

“మంచిగైందట బిడ్డా. గది ఎవ్వరి మీద ఆధారపడదట. దాని సామాను దాని లోపల్నే ఉన్నదట. గట్లాంటోడు ఒక్కడుంటె చాలంటాంది.”

అది నిజమే. లింకులు వేసే మామూలు ln కమాండ్ జీలిబ్‌సీ లేకుండా నడవదు. sln కూడా లింకులే వేస్తుంది, కానీ దానికి కావలసిందంతా దాని కడుపులోనే కట్టి ఉంటుంది. ఇట్లాంటి తెలివితక్కువ పని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చేస్తారని తెలిసిన పాతకాపులెవరో దాన్ని జీలిబ్‌సీతోపాటే పెట్టి ఉంచారు.

జానయ్య మోసిన కమాండ్ ఇది. పూర్తి కావడానికి ఏడు నిమిషాలు పట్టింది, ఎందుకంటే మధ్యలో ఒక చుక్క ఉందా రెండున్నాయా అని అతనికి అనుమానం వచ్చి మొత్తం మళ్ళీ చదివించాడు.

/sbin/sln /lib64/libc-2.17.so /lib64/libc.so.6

సునీల్ మూడుసార్లు చదువుకుని ఎంటర్ నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. ఆ మౌనం ఎంత మంచిదో లైనక్స్ వాడేవాళ్ళకే తెలుసు. ls కొట్టాడు. ఫైళ్ళ పేర్లు బారులు తీరి వచ్చాయి.

టైమ్ ఒంటిగంటా యాభై ఒకటి. సునీల్ కుర్చీలోంచి లేవబోయాడు. పన్నెండున్నర నుంచీ ఆపుకున్న అవసరం ఒకటి అతన్ని తొందరపెడుతోంది.

“కూసోమంటాంది,” అన్నాడు జానయ్య. “నువ్వు తెచ్చి పెట్టిన కొత్త ఫైలు ఆడనే ఉన్నదా అని అడుగుతాంది.”

ఉంది.

అది ఉన్నంతసేపూ ప్రమాదం పోలేదని నిహారిక వివరించింది. ldconfig అని ఒక కమాండ్ ఉంది. ఏదైనా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించినప్పుడు అది దానంతటదే నడుస్తుంటుంది. అదొచ్చి ఫోల్డర్‌లో ఒకే పేరుకు పోటీపడే రెండు ఫైళ్ళను చూస్తే, కొత్త వెర్షన్‌వైపే లింకు తిప్పుతుంది. వచ్చే నెల ఎవరో ఏదో ఎక్కించిన రోజున మళ్ళీ ఇదే కథ మొదలవుతుంది.

సునీల్ ఆ ఫైల్‌ను తీసేశాడు. తర్వాతే లేచాడు. కారిడార్‌లో అతను నడిచిన వేగాన్ని చూసి ఇద్దరు కెమిస్టులు దారిచ్చారు.

రెండింటికి మళ్ళీ తెర ముందున్నాడు. ఉష్ణోగ్రత ఫైల్ మూతపడింది. చిన్న ప్రోగ్రామ్ లేచింది, ముద్ర వేసింది, వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం కూడా పోలేదు. సునీల్ రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకుని పైకప్పు చూశాడు. జానయ్యకు, నిహారికకు, తనకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలియవలసిన పనీ లేదు.

రెండూ అయిదుకు మంజులత వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. రేపటి ఆడిట్ కోసం సిస్టమ్ ఫోల్డర్ల జాబితా ప్రింట్ కావాలంది, తేదీలతో సహా. ఆడిటర్లు మొదట అడిగేది అదేనంది.

సునీల్ వేలు కీబోర్డ్ మీద ఆగిపోయింది. ఫైల్ పాతదే. లింకు మాత్రం ఈ రోజుది. దాని పక్కన ఈ రోజు తేదీ, ఒంటిగంటా యాభై ఒకటి అని ఉంటుంది.

ఆమె తొందరపడలేదు. చేతిలోని ఫైల్ అంచు సరిచేసుకుంటూ మాట్లాడింది.

“మొన్న మార్చిన కొత్త రూల్ చదివినవా సునీల్? డీవియేషన్ రెండు రకాలు. నేను పట్టుకుంటె, మనిషి పేరు మీద పడుతది. మనిషే తానొచ్చి చెప్తె, పని మీద పడుతది. పేరు మీద లెక్కకు రాదు. నేను ఇంకా ఏం చూడలే.”

ప్రింటర్ ఆ మూలలో ఉంది. ఆమె దానివైపు చూడటం లేదు. సునీల్ ఒకసారి గోడ గడియారం చూశాడు, ఒకసారి ఆమెను చూశాడు.

“చెప్త మేడమ్. కూసోండ్రి.”

“కూసునే ఉన్న.”

మొత్తం చెప్పాడు. పెన్ డ్రైవ్‌తో మొదలుపెట్టి ముద్ర దాకా చెప్పాడు. జానయ్య దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవి బిగించుకుంది, కానీ కళ్ళల్లో నవ్వు ఆగలేదు.

కాగితంలో కారణం అనే గడి ఉంది. ప్రోగ్రామ్‌కు కొత్త జీలిబ్‌సీ కావాల్సి రావడం అని రాశాడు సునీల్. ఆమె కొట్టేసింది. అది పరిస్థితి, కారణం కాదంది. సాయంత్రంలోగా కావాలన్న తొందరలో, ఎవరినీ అడగకుండా సిస్టమ్ లైబ్రరీని మార్చడం అని రాయించింది.

తర్వాతి గడి, ఇక ఏం చెయ్యాలి అనేది. దానికోసం సునీల్ ఆఫీసుకు వెళ్ళి, ఈసారి తన గొంతుతోనే నిహారికతో మాట్లాడాడు. క్లాసు ఎగ్గొట్టించినందుకు ఆమె ముందు రెండు నిమిషాలు తిట్టింది. ఆ తర్వాత పని చెప్పింది. కింది కంప్యూటర్‌లో objdump తో ఆ ప్రోగ్రామ్ లోపల చూడమంది. 2.28 కావాలని అడుగుతున్నవి ఎన్నో లెక్కపెట్టమంది.

ఒక్కటే. fcntl64 అనే ఒక్క పేరు. మిగతావన్నీ 2.17 తోనో అంతకన్నా పాతవాటితోనో తృప్తిపడుతున్నాయి.

“గదేరా తమ్మీ,” అంది నిహారిక. “వాళ్ళు కొత్త మెషిన్ మీద కట్టిండ్రు గనుక గా పేరు అంటుకున్నది. గదే కోడ్‌ను సెంటోస్ ఏడు కంటెయినర్ల, అంటె వాళ్ళ మెషిన్ లోపల్నే పాత మెషిన్ లెక్క ఉండే డబ్బాల, కట్టమను. ఒక్క లైన్ మార్చే పని లేదు. రెండు నెల్లు పడుతదంటె నాకు ఫోన్ ఇయ్యి.”

వేరే దారులు కూడా అడిగి రాసుకున్నాడు. ప్రోగ్రామ్‌ను దాని జీలిబ్‌సీతో సహా కంటెయినర్‌లో పెట్టి ల్యాబ్ మెషిన్‌లోనే నడపవచ్చు, కానీ కంటెయినర్ సామాను ఎక్కించడానికి మళ్ళీ పెద్ద అనుమతి కావాలి. కొత్త జీలిబ్‌సీని దాని లోడర్‌తో కలిపి విడి ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే అటు తిప్పవచ్చు. అది నడుస్తుంది గానీ రేపు దాన్ని కాపాడుకోవాల్సింది సునీలే. సిస్టమ్ మార్చడం ఎప్పటికైనా తప్పదు, సెంటోస్ ఏడుకు కాలం చెల్లుతోంది. దానికి మూడు నెలల పరీక్షలను ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకోవాలి. రేపటికి మాత్రం కింద ఆఫీసు కంప్యూటర్ చాలు. అందులో 2.28 ఎట్లాగూ ఉంది. ఉష్ణోగ్రత ఫైళ్ళ కాపీలు అక్కడికి తెచ్చి, గ్రాఫులు అక్కడే చూపించవచ్చు. ల్యాబ్ కంప్యూటర్‌ను ఎవరూ ముట్టనక్కర్లేదు.

మంజులత అన్నీ చదివి, కాపీల దారికి, తిరిగి కట్టించే దారికి టిక్ పెట్టింది.

హైదరాబాద్ కంపెనీ మొదట రెండు నెలలన్నది. సునీల్ fcntl64 పేరు చెప్పాడు. అవతల ఎవరో ఎవరితోనో గొణిగారు. గురువారం ఇస్తామన్నారు.

మర్నాడు ఆడిటర్లు కింద ఆఫీసులో గ్రాఫులు చూశారు. తర్వాత డీవియేషన్ కాగితం చదివారు. అందులో ఒకాయన, తానే వచ్చి చెప్పాడన్న చోట వేలుపెట్టి తలూపాడు. రఘుపతి ఆ పక్కనే నిలబడి ఆ ఘనత తనదన్నట్టు తనూ తలూపాడు.

ఆ కాగితం కింద, మళ్ళీ జరగకుండా తీసుకునే జాగ్రత్త అనే గడిలో మంజులత తన చేత్తో రెండు వాక్యాలు రాసింది. ఇక నుంచి రూట్ అధికారంతో ఎవరు కూర్చున్నా పక్కన రెండో మనిషి ఉండి ప్రతి మెట్టుకూ సంతకం పెట్టాలి. ఆ రెండో మనిషి సిస్టమ్ ఓనర్ అయి ఉండాలి. కాగితాల్లో సిస్టమ్ ఓనర్ రఘుపతి. ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టేశాడు.

గురువారం కొత్త ప్రోగ్రామ్ వచ్చింది. సునీల్ objdump తో చూశాడు. 2.17 కన్నా కొత్తది ఒక్కటీ అడగడం లేదు. ప్రోగ్రామ్ ఒక్కటే మారుతోంది గనుక చిన్న అనుమతితో సరిపోయింది. ల్యాబ్‌లో ఎక్కించడానికి ఫారం తీశాడు. మధ్యాహ్నం పన్నెండింటికి రఘుపతిని పిలిచాడు.

ఎక్కించే పనికి నాలుగు నిమిషాలు చాలు. కానీ ఫారంలో మెట్లు రాసింది సునీల్. ప్రతి మెట్టునూ పైకి చదివాడు, అర్థం చెప్పాడు, అర్థమైందా అని అడిగాడు, సంతకానికి పెన్ను అందించాడు. రఘుపతి అన్నం డబ్బా కింద ఆఫీసులో చల్లారుతోంది.

“ఇంక ఎన్నున్నయయ్యా?” అన్నాడు రఘుపతి, పన్నెండూ యాభైకి.

“ముప్పై ఏడు సార్,” అన్నాడు సునీల్ వినయంగా. “ఇప్పుడు ఆరోది చదువుతున్న.”